కేక్ మీద ఉన్నది పాల క్రీమా, వెజిటబుల్ ఫ్యాటా? ఫోటో, లేబుల్ పెట్టాను

శ్రావణి_కె: డబ్బా మీద పెద్దక్షరాల్లో ‘ఫ్రెష్ క్రీమ్’ అని ఉంది. పదార్థాల్లో చూస్తే పంచదార, మైదా, గుడ్లు, నీరు, హైడ్రోజనేటెడ్ పామ్ కెర్నెల్ నూనె, గ్లూకోజ్ సిరప్, సోడియం కేసినేట్, ఎమల్సిఫయర్లు. చివర్లో ‘పాలు ఉన్నాయి’ అని ఉంది. ఏమనుకోవాలి?

రఘు77: పాలు ఉన్నాయని వాళ్లే రాశాక ఇంకా డౌటేంటండీ? ఫోటోలో కాస్త పసుపు ఛాయ కూడా ఉంది. పాల క్రీమే.

బేకర్_వాసు: నేను రోజూ క్రీమ్ విప్ చేసేవాణ్ణి. ఇది పాల క్రీమ్ కాదు. ఆ గులాబీల రేకుల అంచులు చూడండి, కత్తితో కోసినట్టు ఉన్నాయి. పాల క్రీమ్‌తో వేస్తే అంచు కొంచెం గరుకుగా వస్తుంది, బయట ఉంచితే వాలిపోయి అడుగున నీరు చేరుతుంది.

మీనా: వాసు గారూ, జెలటిన్ కలిపితే పాల క్రీమ్ కూడా చక్కగా నిలబడుతుంది. రఘు గారూ, అదే ఫోటోలో తెల్ల ప్లేటు కూడా పసుపుగానే ఉంది, అది లైటు రంగు. పైగా గేదె పాల క్రీమ్ తెల్లగానే ఉంటుంది.

బేకర్_వాసు: జెలటిన్ సంగతి నాకు చెబుతారా! చేత్తో పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

మీనా: చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, ఒప్పుకుంటా. ఇక్కడున్నది ఫోటో.

సునీత_అమ్మ: మా బాబుకు పాల ఎలర్జీ. వెజిటబుల్ క్రీమ్ అని ధైర్యంగా పెట్టొచ్చా?

మీనా: వద్దమ్మా! సోడియం కేసినేట్ పాల నుంచి తీసిన ప్రోటీనే. నూనె, నీరు కలిసి ఉండటానికి వెజిటబుల్ టాపింగ్‌లో వేస్తారు. ‘పాలు ఉన్నాయి’ అనే హెచ్చరిక దాని వల్ల కూడా వస్తుంది. ఆ మాట చూసి పాల క్రీమ్ అనుకోకూడదు, పాలు లేవనీ అనుకోకూడదు.

రఘు77: మరి పోషకాల పట్టికలో కొలెస్ట్రాల్ ఉందిగా? నూనెలో ఉండదు కదా.

బేకర్_వాసు: కేకులో గుడ్లున్నాయండీ! విడిగా అమ్మే క్రీమ్ డబ్బా మీదైతే ఆ లెక్క పనికొస్తుంది.

కిరణ్_వి: బటర్ క్రీమ్ అయితే ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. అలా చూడండి.

మీనా: అడిగింది బటర్ క్రీమ్ గురించి కాదు కిరణ్ గారూ.

రఘు77: ఆ నూనె స్పాంజ్‌లో వేసిందేమో? లేబుల్ మొత్తం కేకుది.

మీనా: అది మంచి ప్రశ్న. నూనె ఒక్కటే చూసి తేల్చలేం. కానీ జాబితాలో ఎక్కడా క్రీమ్ అనే పేరే లేదు. పాల క్రీమ్ వాడితే అక్కడ రాయాల్సిందే, పైగా బరువు ఎక్కువున్నవి ముందు వస్తాయి కాబట్టి పైపూతకి వేసింది మొదటి వరసల్లోనే కనిపించాలి. నా లెక్కలో ఇది వెజిటబుల్ టాపింగే.

శ్రావణి_కె: ఇంకో బేకరీ కేక్ మీద నూనె, ఆ తర్వాత క్రీమ్, రెండూ ఉన్నాయి. అదేంటి?

బేకర్_వాసు: రెండూ కలిపి విప్ చేసి ఉండొచ్చు. ఎంతెంతో శాతం రాస్తే తప్ప చెప్పలేం. దాని ఫోటో కూడా పెట్టండి, అంచులు చూస్తాను.

మీనా: లేబుల్ ఫోటో ముందు పెట్టండి.