మిషన్ లోను: మా పుస్తకంలో బాకీ 4,40,568, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 4,84,588. తేడా ఎక్కడ వచ్చింది?

శ్రీనివాస్, ఖమ్మం

అందరికీ నమస్కారం. నాకు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. 2024 జూలై 5న మిషన్ కోసం బ్యాంకులో 6 లక్షల టర్మ్ లోను తీసుకున్నాను. వడ్డీ 12 శాతం, 36 కిస్తీలు, నెలకు 19,929. ఆగస్టు 5 నుంచి నెలనెలా ఖాతాలోంచి కట్ అవుతోంది. మార్చి దాకా 8 కిస్తీలు పోయాయి, ఒక్కటి కూడా బౌన్స్ కాలేదు.

ట్యాలీ మా తమ్ముడు రాస్తాడు. కిస్తీ పోయిన ప్రతిసారీ లోను లెడ్జర్‌కి 19,929 డెబిట్, బ్యాంకుకి క్రెడిట్ వేశాడు. ఆడిటర్ గారు మార్చి 31 నాటి లోను స్టేట్‌మెంట్ అడిగితే తెచ్చి చూశాం. బ్యాంకు 4,84,588 బాకీ అంటోంది. మా లెడ్జర్‌లో 4,40,568 ఉంది. 44,020 తేడా! ఏవో చార్జీలు వేశారేమోనని టెన్షన్‌గా ఉంది. బ్రాంచికి వెళ్లి అడిగే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

నరేష్, కరీంనగర్

అన్నా, చార్జీలు కాదు, అది వడ్డీ. కిస్తీలో వడ్డీ కూడా కలిసి ఉంటది కదా, మీ తమ్ముడు మొత్తం అసలుకే జమ చేసిండు. సింపుల్ లెక్క చెప్తా. 19,929ని 36తో గుణిస్తే 7,17,444. అందులో 6 లక్షలు తీసేస్తే వడ్డీ 1,17,444. 36తో భాగిస్తే నెలకు 3,262. ప్రతి కిస్తీలో అంత వడ్డీకి, మిగతాది అసలుకు రాసెయ్. అయిపోయె.

సుధాకర్, నెల్లూరు

అసలు, వడ్డీ విడగొట్టిన సర్టిఫికెట్ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుందండీ. అసలు 80సీ కింద లక్షన్నర వరకు, వడ్డీ 2 లక్షల వరకు చూపించుకోవచ్చు. నేను ఏటా అలాగే చేస్తున్నాను.

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

సుధాకర్ గారూ, మీరు చెప్పింది పాత పన్ను విధానంలో ఇంటి లోను సంగతి. శ్రీనివాస్ గారిది వ్యాపారం మిషన్. ఇక్కడ అసలుకి ఏ మినహాయింపూ లేదు. వడ్డీ ఖర్చులోకి వస్తుంది, మిషన్ మీద తరుగుదల విడిగా వస్తుంది. అందుకే అసలెంతో వడ్డీ ఎంతో విడిగా తెలియాలి.

నరేష్ గారూ, జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు, మందు మాత్రం తప్పు. మీ లెక్కతో 8 నెలలకు వడ్డీ 26,096 వస్తుంది. శ్రీనివాస్ గారి తేడా 44,020. అంటే ఇంకా 17,924 తేలదు. బ్యాంకు వడ్డీని సమానంగా పంచదు. ఆ నెల మిగిలిన బాకీ మీద వేస్తుంది. మొదట్లో బాకీ ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది.

శ్రీనివాస్ గారూ, ఎక్సెల్‌లో ఐదు కాలమ్‌లు పెట్టండి: A కిస్తీ నంబరు, B కిస్తీ, C వడ్డీ, D అసలు, E బాకీ. `E2`లో 600000 టైపు చేయండి. మూడో వరుసలో ఇవి వేసి కిందికి లాగండి.

```
B3: =ROUND(PMT(12%/12,36,-600000),0)
C3: =ROUND(E2*12%/12,0)
D3: =B3-C3
E3: =E2-D3
```

మొదటి నెల 6 లక్షల మీద 1 శాతం, అంటే వడ్డీ 6,000. మిగిలిన 13,929 అసలు. బాకీ 5,86,071. రెండో నెల వడ్డీ ఈ 5,86,071 మీద, అంటే 5,861. అలా దిగుతుంది:

| కిస్తీ | వడ్డీ | అసలు | బాకీ |
|---|---|---|---|
| 1, ఆగస్టు | 6,000 | 13,929 | 5,86,071 |
| 2, సెప్టెంబరు | 5,861 | 14,068 | 5,72,003 |
| 3, అక్టోబరు | 5,720 | 14,209 | 5,57,794 |
| 8, మార్చి | 4,995 | 14,934 | 4,84,588 |

మార్చి వరుసలో బాకీ చూడండి. బ్యాంకు చెప్పింది అదే. 8 నెలల వడ్డీ కాలమ్ కూడితే సరిగ్గా 44,020. బ్యాంకు అదనంగా ఒక్క రూపాయి కూడా వేయలేదు. రూపాయికి సర్దుతూ పోతున్నాం కాబట్టి చివరి కిస్తీ మాత్రం కాస్త తక్కువ వస్తుంది, అప్పుడు కంగారు పడకండి.

శ్రీనివాస్, ఖమ్మం

మేడమ్, చాలా థ్యాంక్స్. షీటు వేశాను, సరిగ్గా అదే వచ్చింది. మనసు కుదుటపడింది. ఇప్పుడు ట్యాలీలో 8 వోచర్లూ తీసేసి మళ్లీ రాయాలా?

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

తీసేయొద్దు. రిటర్ను ఇంకా వేయలేదు కాబట్టి రెండు దారులున్నాయి. నెలవారీ లాభనష్టాలు చూసుకునే అలవాటు ఉంటే పాత వోచర్లను ఒక్కొక్కటీ తెరిచి విడగొట్టండి. లేకపోతే మార్చి 31 తేదీతో ఒకే జర్నల్ చాలు. `F7` నొక్కి:

```
Dr  Interest on Term Loan    44,020
Cr  Term Loan                44,020
```

లోను లెడ్జర్ 4,40,568 నుంచి 4,84,588కి వస్తుంది. వడ్డీ లెడ్జర్‌ని `Indirect Expenses` కింద, లోనుని `Secured Loans` కింద పెట్టండి. ఈ ఎంట్రీ పడగానే మీ లాభం 44,020 తగ్గుతుంది. అంటే ఇన్నాళ్లూ మీ పుస్తకం లేని లాభం చూపిస్తోంది, దాని మీద పన్ను కట్టేవారు.

దీనికి తిరగేసిన తప్పు కూడా చాలాచోట్ల చూశాను. మొత్తం కిస్తీని ‘ఈఎంఐ ఖర్చు’ అని రాసేస్తారు. లోను 6 లక్షల దగ్గరే కదలకుండా ఉంటుంది. మీ లెక్కలో అయితే అసలు కింద పోయిన 1,15,412 ఖర్చుగా కనబడేది. అది పన్ను అధికారి ముందు నిలబడదు.

ఏప్రిల్ కిస్తీ నుంచి పేమెంట్ వోచర్‌ని, అంటే `F5`ని, మూడు వరుసల్లో రాయండి:

```
Dr  Term Loan                15,083
Dr  Interest on Term Loan     4,846
Cr  Bank                     19,929
```

నరేష్, కరీంనగర్

ఒప్పుకుంటున్నా మేడమ్, సమానంగా పంచడం తప్పే. ఇంకొక్కటి. మార్చి 5న కిస్తీ పోయింది. మార్చి 6 నుంచి 31 వరకు వడ్డీ నడుస్తనే ఉంది కదా, దాన్ని రాయొద్దా?

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

మంచి ప్రశ్న. కచ్చితంగా రాయాలంటే 4,84,588 మీద 12 శాతం చొప్పున 26 రోజులకు సుమారు 4,142. మార్చి 31న వడ్డీ ఖర్చుకి డెబిట్, ‘చెల్లించాల్సిన వడ్డీ’ లెడ్జర్‌కి క్రెడిట్. ఏప్రిల్ 1న అదే ఎంట్రీ తిరగేయాలి, లేకపోతే ఏప్రిల్ కిస్తీ రాసినప్పుడు ఆ వడ్డీ రెండోసారి పడుతుంది. తిరగేయడం మర్చిపోయే వాళ్లే ఎక్కువ. దీన్ని లోను లెడ్జర్‌లో మాత్రం కలపొద్దు. కలిపితే స్టేట్‌మెంట్‌తో మళ్లీ తేడా వస్తుంది.

నరేష్, కరీంనగర్

మా సార్ అయితే చిన్న షాపులకు ఇది వదిలెయ్యమంటడు. ప్రతి ఏడాదీ 12 కిస్తీల వడ్డీ వస్తది, అటూ ఇటూ సరిపోతది అని.

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

మొదటి ఏడాది సరిపోదండీ, ఆ 26 రోజులు తగ్గుతాయి. నేనైతే రాస్తాను. శ్రీనివాస్ గారూ, మీ ఆడిటర్ గారు ఏ పద్ధతి పాటిస్తున్నారో అడిగి అలాగే వెళ్లండి. సంతకం ఆయనది.

ఫరీదా, కర్నూలు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, నాదీ ఇదే బాధ. మాకు కిరాణా హోల్‌సేల్. సరుకు వేయడానికి ట్రాలీ ఆటో కొన్నాం. ఒక ఫైనాన్స్ కంపెనీ 3 లక్షలు ఇచ్చింది, 8 శాతం అన్నారు, 36 నెలలు, కిస్తీ 10,333. విజయలక్ష్మి మేడమ్ చెప్పిన షీటులోనే 8 శాతం పెట్టాను. మొదటి నెల వడ్డీ 2,000 వస్తోంది. కంపెనీ కాగితంలో 3,600 పైన ఉంది. మోసం చేశారా?

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

ఫరీదా గారూ, మీకు చెప్పింది ఫ్లాట్ రేటు. 3 లక్షల మీద 8 శాతం చొప్పున మూడేళ్లకు 72,000 ముందే లెక్కగట్టి, 3,72,000ని 36తో భాగించారు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం 3 లక్షల మీదే వేసినట్టు. తగ్గే బాకీ మీద నిజమైన రేటు ఎంతో ఇలా చూడండి:

```
=RATE(36,-10333,300000)*12
```

సుమారు 14.5 శాతం వస్తుంది. షీటులో 8 బదులు ఆ ఫార్ములా ఉన్న సెల్‌ని పెట్టండి, మొదటి నెల వడ్డీ 3,640 దగ్గర తేలుతుంది. లోను పత్రాల్లో ఏడాది రేటు ఎంత రాశారో కూడా చూడండి. అక్కడ 14.5 ఉండి, నోటితో 8 చెప్పి ఉంటే, మీకు చెప్పాల్సినంత వివరంగా చెప్పలేదన్న మాట నిజం.

మీకు ఇంకొకటి ఉంది. 2024-25కి ముందు ఏడాది మీ టర్నోవర్ కోటి దాటిందా?

ఫరీదా, కర్నూలు

దాటింది మేడమ్, కోటీ ముప్పై లక్షలు.

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

అయితే 2024-25లో ఆ కంపెనీకి కట్టిన వడ్డీ 5,000 దాటితే ఆదాయపు పన్ను చట్టం 194ఏ సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ కోయాల్సింది మీరే. బ్యాంకు వడ్డీకి ఇది లేదు, శ్రీనివాస్ గారికి ఇబ్బంది లేదు. ఫైనాన్స్ కంపెనీలు బ్యాంకులు కావు. కోయకపోతే ఆ వడ్డీలో 30 శాతాన్ని ఖర్చుగా ఒప్పుకోరు.

ఫరీదా, కర్నూలు

కానీ కిస్తీ మొత్తం వాళ్లే ఖాతాలోంచి లాగేసుకుంటున్నారు. నేను ఎక్కడ కోయాలి?

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

ముందు మీ చేతి నుంచి ప్రభుత్వానికి కట్టి, కట్టినట్టు చూపే సర్టిఫికెట్ ఫారం 16ఏ వాళ్లకి పంపి, ఆ డబ్బు కంపెనీ నుంచి వెనక్కి తీసుకోవాలి. కొన్ని కంపెనీలు త్వరగా ఇస్తాయి, కొన్ని నెలల తరబడి తిప్పుతాయి. మీ కంపెనీ ఎలా చేస్తుందో నేను చెప్పలేను. పోయిన ఏడాదిది ఆలస్యమైంది కాబట్టి వడ్డీతో కట్టాలి. ఈ వారమే ఆడిటర్‌ని కలవండి.

శ్రీనివాస్, ఖమ్మం

మేడమ్, జర్నల్ వేశాను, మార్చి 31కి పైసాతో సహా కలిసింది. ఏప్రిల్ కూడా కలిసింది, బాకీ 4,69,505. కానీ మే కిస్తీలో షీటు 4,695 వడ్డీ చూపిస్తోంది, స్టేట్‌మెంట్‌లో 4,597 ఉంది. కిస్తీ మాత్రం 19,929 అలాగే ఉంది. 98 రూపాయలు ఎందుకు తగ్గింది?

విజయలక్ష్మి, రాజమహేంద్రవరం

4,597ని 12తో గుణించి 4,69,505తో భాగించండి. 11.75 శాతం వస్తుంది. మీది ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే రేటు, అయి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వేసే రెపో రేటును 6.50 నుంచి 6.25కి తగ్గించింది. మీ లోనుకి ఆ పావు శాతం ఏప్రిల్ కిస్తీ తర్వాత అందినట్టుంది. లోను పత్రంలో రేటు మార్చే తేదీ చూస్తే తెలిసిపోతుంది.

కిస్తీ మారలేదు కాబట్టి ఆ 98 అసలుకి పోయింది. మే నెలకు వడ్డీ 4,597, అసలు 15,332 రాయండి. షీటులో F కాలమ్ చేర్చి ప్రతి వరుసకీ రేటు విడిగా పెట్టండి, మే వరుస నుంచి 11.75 చేయండి. వడ్డీ ఫార్ములాలో 12% బదులు ఆ సెల్ రావాలి. B కాలమ్‌లో ఫార్ములా తీసేసి నేరుగా 19929 అని ఉంచండి. ఎంట్రీ మాత్రం ఎప్పుడూ స్టేట్‌మెంట్‌లో ఉన్న వడ్డీతోనే వేయండి.

శ్రీనివాస్, ఖమ్మం

కాగితంలో ఫ్లోటింగ్ అనే ఉంది మేడమ్, ఇప్పుడే చూశాను. అయితే కిస్తీల సంఖ్య తగ్గిందా, లేక చివరి కిస్తీ చిన్నదవుతుందా అనేది అందులో లేదు. సోమవారం బ్రాంచికి వెళ్లి కొత్త షెడ్యూలు అడుగుతాను.