షాపు చాట్‌బాట్ మాటలు తిరగరాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకొలువు: అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి రెండు నెలలైంది. బూట్లు అమ్మే వెబ్‌సైట్‌లో ఉద్యోగం. చాట్‌బాట్ పలకరింపు, ఫాల్‌బ్యాక్ మెసేజ్‌లు మా బ్రాండ్ తీరుకు తగ్గట్టు తిరగరాయమన్నారు. ఇప్పుడున్నవాటిని తెలుగులో చెప్తాను. పలకరింపు: "హాయ్! మీకు ఏం సాయం కావాలి?" ఫాల్‌బ్యాక్: "అయ్యో! అర్థం కాలేదు. మరోసారి ప్రయత్నించండి!" ఇంకాస్త సరదాగా ఉండాలంటున్నారు మేనేజర్. ఇంగ్లీష్‌లో సరదాగా రాయాలంటేనే నాకు టెన్షన్.

పాతకాపు: తమ్ముడూ, సరదా సంగతి తర్వాత చూద్దాం. ముందు బాట్ లాగ్ తెప్పించుకుని, దానికి అర్థం కాక వదిలేసిన ప్రశ్నలు ఒక వంద చదువు. నేనూ ఒక షాపు బాట్‌కి ఇదే పని చేశాను. అందులో ఒక చాట్ ఇప్పటికీ గుర్తుంది. ఆమె "రెండూ ఎడమ కాలివే వచ్చాయి" అని రాసింది. బాట్ "అయ్యో! అర్థం కాలేదు" అంది. ఆమె మాట మార్చి రాసింది. మళ్ళీ అదే వాక్యం, అదే "అయ్యో!". మూడోసారి ఆమె రాసింది ఒక్కటే: "మనిషి". దానికీ అదే జవాబు. ఫాల్‌బ్యాక్ చదివేవాళ్ళు చాలామంది అప్పటికే చిరాకులో ఉంటారు. అక్కడ సరదా పెడితే వెక్కిరించినట్టు ఉంటుంది.

అందుకే మూడు మెట్లుగా రాయి. మొదటిసారి, ఎలా అడగాలో ఉదాహరణ ఇవ్వు. రెండోసారి టైప్ చేయమనకుండా "ఆర్డర్ ఎక్కడుంది", "వాపసు", "సైజ్" అని బటన్లు చూపించు. మూడోసారి ఇంకేమీ అడగకుండా మనిషికి అప్పగించు. "మనిషి" అని ఎవరైనా రాస్తే మాత్రం మెట్లు లెక్కపెట్టకుండా నేరుగా అక్కడికే పంపాలి.

నైట్‌షిఫ్ట్: ఇంత అక్కర్లేదు. ఫాల్‌బ్యాక్‌లో నాలుగైదు రకాల వాక్యాలు పెడితే చాలు, మరమనిషిలా అనిపించదు. బాట్‌కి ఒక అమ్మాయి పేరు, ఫొటో పెట్టండి, నమ్మకం వస్తుంది.

పాతకాపు: ఒకే వాక్యం పదేపదే రాకూడదన్నది నిజమే. కానీ Dialogflow ES లాంటి బాట్ తయారీ టూల్స్‌లో, బాట్‌కి అర్థం కానప్పుడు పనిచేసే Default Fallback Intent కింద నువ్వు పెట్టిన వాక్యాల్లోంచి ఒకటి యాదృచ్ఛికంగా వస్తుంది. "మనిషికి కలుపుతాను" అన్నది మొదటి తప్పుకే రావచ్చు. వరుస కావాలంటే ఫాలో-అప్ ఇంటెంట్లు పెట్టాలి, లేదా ఎన్నోసారో లెక్కపెట్టే కోడ్ రాయించాలి. Dialogflow CX అయితే మొదటి తప్పుకి sys.no-match-1, రెండో తప్పుకి sys.no-match-2 అని విడివిడిగానే ఉంటాయి. పేరు పెట్టుకోండి గానీ, అది బాట్ అని మొదటి వాక్యంలోనే తెలియాలి. మనిషే అనుకుని గోడు వెళ్ళబోసుకున్నాక బాట్ అని తెలిస్తే ఒళ్ళు మండుతుంది.

చిన్నకొట్టు: నేనూ మొన్న ఒక షాపు బాట్‌తో అరగంట కొట్లాడాను, డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పండి తమ్ముడూ.

పాతకాపు: చిన్నకొట్టు గారూ, అది వేరే సంగతి, విడిగా అడగండి. తమ్ముడూ, ఆయన అరగంట ఎక్కడ ఇరుక్కుపోయారో మాత్రం అడిగి తెలుసుకో, నీకు పనికొస్తుంది.

కొత్తకొలువు: అక్కా, లాగ్ చదివాను. సగానికి పైగా ఆర్డర్ ఎక్కడుంది, సైజ్ మార్చాలి అన్నవే. బ్రాండ్ తీరు కోసం, మనుషులే రాసే మా ఆర్డర్ ఈమెయిల్స్ చూశాను. పొట్టి వాక్యాలు, ఎక్కడా ఆశ్చర్యార్థకం లేదు. వాటిని బట్టి రాసింది ఇది:

పలకరింపు: "నేను ఈ షాపు బాట్‌ని. ఆర్డర్ ఎక్కడుందో చూస్తాను, సైజ్ మార్పు, వాపసు మొదలుపెడతాను."
ఒకటి: "నాకు అర్థం కాలేదు. 'సైజ్ మార్చాలి' అన్నట్టు కొద్ది మాటల్లో రాయగలరా?"
రెండు: "ఇంకా అర్థం కాలేదు. వీటిలో ఏదైనా మీ పనికి దగ్గరగా ఉందా?"
మూడు: "ఇది నా వల్ల కాదు. మా వాళ్ళకి కలుపుతున్నాను. మీరు రాసిందంతా వాళ్ళకి కనిపిస్తుంది."

పాతకాపు: బాగుంది, తప్పు బాట్ మీద వేసుకున్నావు. రెండు చోట్ల చూసుకో. "రాసిందంతా కనిపిస్తుంది" అన్నావు, నిజంగా కనిపిస్తుందా? టెస్ట్ చాట్ చేసి, అవతలి స్క్రీన్ నీ కళ్ళతో చూశాకే ఆ వాక్యం ఉంచు. రెండోది, రాత్రి అక్కడ మనిషి ఉండడు. ఆ వేళకి వేరే మాట రాయి: ఎప్పుడు జవాబు వస్తుంది, ఏ ఈమెయిల్‌కి వస్తుంది అని. పలకరింపు ఫోన్‌లో పెట్టి చూడు, బటన్లు కీబోర్డ్ వెనక్కి పోతే ఒక వాక్యం తీసెయ్.

కొత్తకొలువు: చూశాను అక్కా. అవతలి స్క్రీన్‌లో చివరి మెసేజ్ ఒక్కటే కనిపిస్తోంది. డెవలపర్ సరిచేసేదాకా ఆ వాక్యం తీసేసి, "ఆర్డర్ నంబర్ దగ్గర పెట్టుకోండి" అని రాశాను. పేరు, ఫొటో కావాలని మేనేజర్ ఇంకా పట్టుబడుతున్నారు. సోమవారం మీటింగ్‌లో ఆ "రెండూ ఎడమ కాలివే" చాట్ చెప్పి చూస్తాను.