ఊహించని బిల్లు వచ్చింది: ముందు కాల్ వివరాలు అడగాలా, డబ్బు వాపసు అడగాలా?

గుంటూరు పిల్ల: మా అమ్మ వాడే పోస్ట్‌పెయిడ్ నంబరు నా పేరు మీద ఉంది. ప్లాను 399, పన్నుతో కలిపి నెలకి 470 రూపాయల 82 పైసలు కడతాను. ఈ నెల బిల్లు 1,353 రూపాయల 46 పైసలు! బిల్లులో రెండే వరుసలు: ఐఎస్‌డీ కాల్స్ 552, ఇతర సేవలు 196. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు కానీ అమ్మ వాడితో వాట్సాప్‌లోనే మాట్లాడుతుంది. కంపెనీకి ఉత్తరం రాయాలనుకుంటున్నా. ముందు కాల్ వివరాలు మాత్రమే అడిగి, అవి చూశాక గొడవ పెట్టుకోవాలా? లేక ఇప్పుడే డబ్బు వెనక్కి ఇమ్మని రాయాలా? ఇంట్లో ఇద్దరం రెండు మాటలు అంటున్నాం.

నిజాంపేట్ నైట్‌షిఫ్ట్: ఉత్తరాలెందుకండీ ఈ రోజుల్లో? 198కి ఫోన్ చేసి గట్టిగా అడగండి. నాకు పోయిన ఏడాది 99 రూపాయలు అక్కడికక్కడే వెనక్కి వేశారు.

పాత ఎక్స్ఛేంజి: నైట్‌షిఫ్ట్ గారూ, 99 రూపాయలైతే సరిపోతుంది. పెద్ద మొత్తమైతే ఫోన్‌లో అవతలివాళ్లు "మీ నంబరు నుంచే వెళ్లాయి మేడం" అంటారు, సంభాషణ అక్కడితో ఆగుతుంది. నేను టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్లు చేశాను. ఎస్‌టీడీ బూత్‌ల కాలంలోనూ ఈ తగాదాలే, అప్పుడు మీటరు చూపించమనేవాళ్లు.

198కి ఫోన్ చేయాల్సిందే, కానీ డబ్బు కోసం కాదు, డాకెట్ నంబరు కోసం. ఫిర్యాదు నమోదైందని రుజువు అదొక్కటే, ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. ఆ నంబరు వేసి ఉత్తరం రాయండి, ఈమెయిల్ అయినా పర్లేదు. ఆ ఉత్తరంలోనే రెండూ ఉండాలి: వివరాలు ఇవ్వండి, ఈ మొత్తాన్ని నేను ఒప్పుకోవడం లేదు. వివరాలు మాత్రమే అడిగితే మీది విచారణ కింద పడుతుంది, ఫిర్యాదు కింద కాదు. వాళ్లు తీరిగ్గా పంపుతారు, మీ గడువులు నడవవు.

మాచర్ల మావయ్య: ఒక పొరపాటు. కాల్ డేటా పోలీసులకే ఇస్తారు. మామూలు మనిషి అడిగితే ఇవ్వరు. మా పక్కింటాయన అడిగితే ఎఫ్ఐఆర్ తెమ్మన్నారు.

పాత ఎక్స్ఛేంజి: సగం నిజం మావయ్య గారూ. మీ పక్కింటాయన ఏం అడిగారో గానీ, పోలీసులు తీసుకునేది వేరే సరుకు: వచ్చిన కాల్స్, ఏ టవర్ కింద ఉన్నారు, ఇవన్నీ ఉంటాయి. మనం అడిగేది మన దగ్గర డబ్బు వసూలు చేసిన వాటి జాబితా. ఏ నంబరుకి, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత లెక్క. డబ్బు పట్టుకున్నవాడు లెక్క చూపించాలిగా. అడగాల్సింది మాత్రం సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. ఇక్కడ అమ్మగారు కాదు, అమ్మాయి రాయాలి. చాలా ఉత్తరాలు వెనక్కి వచ్చేది ఈ ఒక్క కారణానికే.

కువైట్ బాబాయ్: నాకూ ఇదే కావాలి. ఇంటి దగ్గర సిమ్ నా పేరు మీదే ఉంది. రాత్రిళ్లు ఎవరో మా ఇంటావిడకి ఫోన్ చేసి విసిగిస్తున్నారు. ఆ వచ్చిన కాల్స్ లిస్టు ఇలా రాస్తే ఇస్తారా?

పాత ఎక్స్ఛేంజి: ఇవ్వరు బాబాయ్. వచ్చిన కాల్‌కి మీకు బిల్లు లేదు, కాబట్టి ఈ దారిలో రాదు. మీది వేధింపు. మాచర్ల మావయ్య చెప్పిన పోలీసు దారి మీకు పనికొస్తుంది.

లా పాయింట్: డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఏం చేస్తారు? వినియోగదారుల కోర్టుకి వెళ్లలేరు. ఫోన్ బిల్లు తగాదాలు అక్కడ నడవవని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. నోడల్ ఆఫీసర్‌కి రాసుకోవాలి, అంతే.

పాత ఎక్స్ఛేంజి: రెండూ పాత మాటలే. నోడల్ ఆఫీసర్ మెట్టు 2012 నిబంధనలతోనే పోయింది. ఇప్పుడు రెండే మెట్లు: ఫిర్యాదు కేంద్రం, దాని పైన అప్పీలు అథారిటీ. ఆ అథారిటీ కంపెనీలోనే ఉంటుంది, అది దాని బలహీనత. బిల్లు ఫిర్యాదుకి కొన్ని వారాలు పడుతుంది. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి రాస్తామంటారు కొందరు, వ్యక్తిగత ఫిర్యాదులు ట్రాయ్ విచారించదు. ఇక కోర్టు సంగతి: 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే టెలికాం వినియోగదారుడు కూడా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని తేల్చింది.

లా పాయింట్: 2022ది చూశాను, ఒప్పుకుంటున్నా. కానీ 882 రూపాయల కోసం జిల్లా కమిషన్ మెట్లెక్కి వాయిదాలు తిరిగేవాళ్లు ఎవరు? కాగితం మీద హక్కు, చేతిలో సున్నా.

గుంటూరు పిల్ల: లా పాయింట్ గారూ, 882 అని మీరే లెక్కేశారు, థాంక్స్. నాకు మండేది డబ్బు గురించే కాదు. ఉత్తరం ఎలా ఉండాలో ఎవరైనా రాసి పెడతారా?

పాత ఎక్స్ఛేంజి: ఇలా రాయండి. ఖాళీలు మీవి.

"అయ్యా, నా పేరు ____. మొబైల్ నంబరు ____ నా పేరు మీద నమోదై ఉంది. ____ తేదీ బిల్లులో ఐఎస్‌డీ కాల్స్ కింద రూ. 552, ఇతర సేవల కింద రూ. 196, వీటి మీద పన్నుతో మొత్తం రూ. 882.64 అదనంగా వేశారు. ఈ మొత్తాన్ని నేను అంగీకరించడం లేదు. దీనిపై ____ తేదీన ఫిర్యాదు చేశాను, డాకెట్ నంబరు ____. దయచేసి ఈ బిల్లు కాలానికి ప్రతి ఐఎస్‌డీ కాల్‌కీ డయల్ చేసిన నంబరు, తేదీ, మొదలైన సమయం, నిడివి, లెక్కించిన నిమిషాలు, రేటు తెలపండి. 'ఇతర సేవలు' ఏమిటి, ఏ తేదీన మొదలయ్యాయి, నేను వాటికి ఇచ్చినట్టు మీ దగ్గర ఉన్న రెండు సమ్మతుల తేదీ, సమయం, అవి ఏ మార్గంలో వచ్చాయో తెలపండి. అవి చూపలేకపోతే ఆ మొత్తాన్ని పన్నుతో సహా తిరిగి జమ చేయండి. వివాదం లేని రూ. 470.82 చెల్లిస్తున్నాను."

చాలామంది కాల్ లిస్టు ఒక్కటే అడిగి మోసపోతారు. రింగుటోన్లు, గేములు, జాతకాలు, ఇలాంటి సేవలకి కాల్ అంటూ ఉండదు, లిస్టులో "సబ్‌స్క్రిప్షన్ 49" అని ఒక వరుస ఉంటుంది, అంతే. ఆ వరుస చూసి మీరు ఒప్పుకున్నారో లేదో చెప్పలేం. 2013 నుంచి అలాంటి సేవ మొదలుపెట్టాలంటే వినియోగదారుడి నుంచి రెండుసార్లు ఒప్పుదల తీసుకోవాలి. రెండో ఒప్పుదల రికార్డు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఈలోగా 155223కి ఫోన్ చేసి ఆ సేవ ఆపేయించండి, లేకపోతే వచ్చే వారం మళ్లీ 49.

నిజాంపేట్ నైట్‌షిఫ్ట్: వివాదం లేనిది మాత్రమే కడితే లైన్ కట్ చేస్తారు, లేట్ ఫీజు వేస్తారు. సిబిల్‌లో కూడా పడుతుంది, టెలికాం కంపెనీలు బాకీల వివరాలు అక్కడికి పంపుతాయి. నేనైతే మొత్తం కట్టేసి తర్వాత పోట్లాడతా.

పాత ఎక్స్ఛేంజి: అదీ ఒక దారే. కట్టాక తొందర మీది, వాళ్లది కాదు. నేను మాత్రం కట్టను.

తెనాలి టీచర్: మా నాన్నగారిది ప్రీపెయిడ్. బ్యాలెన్స్ మాయమైతే ఏం అడగాలి? బిల్లే రాదుగా.

పాత ఎక్స్ఛేంజి: అడగొచ్చమ్మా. ప్రీపెయిడ్‌కీ వాడుక వివరాలు ఇవ్వాలి, 50 రూపాయలకి మించి తీసుకోకూడదు, 30 రోజుల్లో ఇవ్వాలి. వెనక్కి ఆరు నెలల వరకే. ఏడో నెల గుర్తొస్తే లాభం లేదు.

గుంటూరు పిల్ల: మూడు వారాల తర్వాత వస్తున్నా, తిట్టకండి. వివరాలు వచ్చాయి. ఐఎస్‌డీ కాల్స్ పదకొండు, అన్నీ ఒకే నంబరుకి. మా తమ్ముడి నంబరు! నాలుగు కాల్స్ కలిపి 39 నిమిషాలు, మిగతా ఏడు ఒక్కో నిమిషం. 46 నిమిషాలు, నిమిషానికి 12 రూపాయలు, సరిగ్గా 552. అమ్మని అడిగితే "వాడి పేరు మీద నొక్కితే పోతుందిగా, ఏ గుర్తు నొక్కానో నాకేం తెలుసు" అంది. వాట్సాప్ బదులు మామూలు ఫోన్ గుర్తు నొక్కింది. ఏడు ఒక నిమిషం కాల్స్ మాత్రం అర్థం కాలేదు. వాడు ఎత్తనే లేదంటున్నాడు.

పాత ఎక్స్ఛేంజి: తమ్ముడు ఎత్తలేదు, వాడి వాయిస్‌మెయిల్ ఎత్తింది. అమెరికాలో ఫోన్ ఎత్తకపోతే "సందేశం చెప్పండి" అని మిషన్ పలుకుతుంది. మన ఎక్స్ఛేంజి లెక్కలో అది కలిసిన కాల్. ఆరు సెకన్లకి పెట్టేసినా నిమిషం పడుతుంది. ఆ 84 రూపాయలూ న్యాయంగా మీరు కట్టాల్సినవే, పన్నుతో సహా. ఐఎస్‌డీ ఆపించేయండి.

లా పాయింట్: నేను ఒప్పుకోను. ఎవరూ మాట్లాడని కాల్‌కి డబ్బేమిటి?

పాత ఎక్స్ఛేంజి: మాట్లాడారా లేదా అని స్విచ్చికి తెలీదు బాబూ. అవతల లైను తెరుచుకుందా లేదా అనేదే దానికి తెలుసు.

గుంటూరు పిల్ల: ఐఎస్‌డీ తగాదా వదిలేశాను, సిగ్గుగా ఉంది కూడా. 651 రూపాయల 36 పైసలు కట్టేశా. ఇక 196 సంగతి: గేముల సేవ, వారానికి 49, నాలుగు వారాలు. సమ్మతి అడిగితే ఒకే తేదీ, ఒకే సమయం పంపారు, మధ్యాహ్నం 3:12, "మొబైల్ స్క్రీన్ ద్వారా" అని. రెండోది లేదు. ఆ వేళకి అమ్మ నిద్రలో ఉంటుంది, పక్కింటి బుడ్డోడు ఫోన్‌తో ఆడుతుంటాడు, అది వేరే కథ. ఇప్పుడు "సద్భావనగా" ఒక వారం డబ్బు, 57 రూపాయల 82 పైసలు జమ చేసి ఫిర్యాదు మూసేశారు.

మాచర్ల మావయ్య: బుడ్డోడు నొక్కాడంటే సమ్మతి ఇచ్చినట్టేగా. వచ్చింది తీసుకుని ఊరుకోమ్మా.

పాత ఎక్స్ఛేంజి: బుడ్డోడు నొక్కింది మొదటి ఒప్పుదల. రెండోది ఎవరు నొక్కారో వాళ్లు చూపించలేదు. జమ అయింది ఉంచుకోండి, దాన్ని పూర్తి పరిష్కారంగా ఒప్పుకోవడం లేదని అదే ఈమెయిల్‌కి జవాబు రాయండి. మిగిలిన 173 రూపాయల 46 పైసలకి అప్పీలు వేయండి. మూసేసిన తేదీ ఏది?

గుంటూరు పిల్ల: పోయిన మంగళవారం.

లా పాయింట్: జమ అయినప్పుడు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అంటారు చూడండి.

పాత ఎక్స్ఛేంజి: అనొచ్చు. అందుకే ఈమెయిల్ ఇవాళే వెళ్లాలి.