రేకుల షెడ్డులో ఎర్రటి షాఫ్టు: గోడ ఎమిసివిటీ లెక్కలోకి రాదా?

కర్నూలు_షెడ్డు
అన్నలారా, ఒక లెక్క దగ్గర ఆగిపోయినా. మాది కర్నూలు బయట చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డు. నార్మలైజింగ్ కోసం ఫర్నేసులోంచి తీసిన షాఫ్టును స్టాండు మీద పెట్టి గాలికే చల్లారనిస్తాం. షాఫ్టు 8 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవు. స్టాండు మీదికి వచ్చేసరికి 800 డిగ్రీలు ఉంటుంది. షెడ్డు 6 మీటర్లకు 5, ఎత్తు 4. గోడలు, కప్పు అన్నీ కొత్త జీఐ రేకులే, తళతళ మెరుస్తుంటాయి.

పక్క వీధిలో ఒకాయన సున్నం కొట్టిన ఇటుక షెడ్డులో ఇదే పని చేస్తాడు. ఆయన పీసుల హార్డ్‌నెస్ ఒక రకంగా, మావి ఒక రకంగా వస్తున్నాయని పార్టీ అంటున్నాడు. మా రేకులు వేడిని వెనక్కి కొడుతున్నందువల్ల షాఫ్టు నిదానంగా చల్లారుతోందా? లెక్క వేద్దామంటే వ్యూ ఫ్యాక్టర్, అంటే ఒకదాని నుంచి బయలుదేరిన వేడిలో ఎదుటిదాన్ని తాకే వంతు, దాని చార్టుల్లో ప్లేటుకు ప్లేటు, డిస్కుకు డిస్కు ఉన్నాయి, షెడ్డు మధ్యలో షాఫ్టుకు మాత్రం లేదు.

డిప్లొమా_బ్యాచ్
దానికి చార్టు అక్కర్లేదప్పా. చిన్న వస్తువు, పెద్ద గది అన్నారంటే వ్యూ ఫ్యాక్టర్ పోతుంది, గోడ వేడిని పీల్చి పంపే గుణం, అదే ఎమిసివిటీ, అది కూడా పోతుంది. మిగిలేది ఇదే, 1 అంటే షాఫ్టు, 2 అంటే గోడ, ε ఎమిసివిటీ, A విస్తీర్ణం, T కెల్విన్లలో ఉష్ణోగ్రత, σ ఒక స్థిరాంకం:

```
q = ε1·A1·σ·(T1^4 − T2^4)
```

గోడ రేకుదైనా, సున్నందైనా, అద్దందైనా ఎప్పుడూ ఇదే. పార్టీకి ఈ మాటే చెప్పు.

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
సూత్రం సరైనదే. "ఎప్పుడూ" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఎందుకు పోతాయో తెలిస్తే ఎప్పుడు పోవో కూడా తెలుస్తుంది, అందుకని ఈ షాఫ్టు మీదే చూద్దాం.

ముందు వ్యూ ఫ్యాక్టర్. అది పోలేదు, 1 అయింది. షాఫ్టు ఉపరితలం ఎక్కడా లోపలికి వంగలేదు కాబట్టి దాని ఏ చుక్క నుంచి బయలుదేరిన కిరణమైనా మళ్ళీ షాఫ్టునే తాకలేదు. గోడకో, కప్పుకో, నేలకో పోవాల్సిందే. షాఫ్టును మూలన పెట్టినా, మధ్యలో పెట్టినా అంతే. చార్టు లేనిది అందుకే, అక్కడ వెతకాల్సిన అంకె ఏమీ లేదు.

ఇక గోడ ఎమిసివిటీ. మీ రేకుకు 0.25 అనుకుందాం. షాఫ్టు నుంచి వచ్చిన వేడిలో పావు వంతే రేకు పీల్చుకుంటుంది, ముప్పావు వంతు వెనక్కి పోతుంది. మీ అనుమానం ఇక్కడిదాకా న్యాయమైనదే. అయితే వెనక్కి పోయింది ఎక్కడికి పోతుంది? షాఫ్టు విస్తీర్ణం 0.0855 చదరపు మీటర్లు. షెడ్డు లోపలి విస్తీర్ణం 148. గోడ మీద నుంచి చూస్తే షాఫ్టు పదివేలలో ఆరు వంతులు కూడా లేదు. తిరిగొచ్చిన కిరణం దాదాపు ప్రతిసారీ ఇంకో రేకునే తాకుతుంది, అక్కడ ఇంకో పావు వంతు పీల్చబడుతుంది, మిగిలింది మరో రేకుకు పోతుంది. సగటున నాలుగు తాకిళ్ళలో పని అయిపోతుంది. ఇంత తిరుగుడులో షాఫ్టుకు తిరిగి చేరేది వెయ్యిలో రెండు వంతుల లోపే.

గోడ నుంచి షాఫ్టుకు వచ్చేదీ ఇలాగే. రేకు తనంతట తాను పంపేది తక్కువే, కానీ మిగతా రేకులు పంపింది కూడా దాని మీద తగిలి షాఫ్టు వైపు వస్తుంది. రెండూ కలిస్తే అదే ఉష్ణోగ్రతలో నల్లటి గోడ పంపినంతే అవుతుంది. గోడలన్నీ ఒకే వేడిలో ఉంటే ఇది ఏ లోహానికైనా నిజం.

పూర్తి సూత్రంలో ఇది ఇలా కనిపిస్తుంది:

```
q = A1·σ·(T1^4 − T2^4) / [ 1/ε1 + (A1/A2)·(1/ε2 − 1) ]
```

పొలుసు పట్టిన ఉక్కుకు 0.8 వేస్తే మొదటి పదం 1.25. మీ రేకు తెచ్చే రెండో పదం 0.0017. షెడ్డు మొత్తం అల్యూమినియం ఫాయిల్ అతికించి 0.05 చేసినా అది 0.011 దాటదు, అంటే తేడా నూటికి ఒకటి లోపే. గోడలు 40 డిగ్రీల్లో ఉంటే షాఫ్టు రేడియేషన్ తో వదిలేది దగ్గర దగ్గర 5.1 కిలోవాట్లు, రేకుల షెడ్డులోనైనా, సున్నపు షెడ్డులోనైనా.

డిప్లొమా_బ్యాచ్
నేను చెప్పింది కూడా అదే కదా మేడమ్. గోడ లెక్కలోకి రాదు.

తాడిపత్రి_ఫిట్టర్
మేడమ్, ఒక చిన్న మాట. మా దగ్గర పీసు నిదానంగా చల్లారాలంటే దాని మీద రేకు డబ్బా బోర్లిస్తాం. డబ్బా పెడితే షాఫ్టు చాలాసేపు ఎర్రగానే ఉంటుంది, కళ్ళతో చూసినాము. గోడ లెక్కలోకి రాదంటే డబ్బా ఎట్ల పనిచేస్తాది?

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
"ఎప్పుడూ" కాదన్నది దీనికే. ఇదే షాఫ్టు మీద 20 × 20 × 40 సెంటీమీటర్ల డబ్బా పెట్టారనుకోండి. డబ్బా విస్తీర్ణం 0.4 చదరపు మీటర్లు, షాఫ్టు అందులో ఐదో వంతుకు పైనే. ఇప్పుడు రేకు నుంచి తిరిగిన కిరణానికి షాఫ్టు దగ్గర్లోనే దొరుకుతుంది. రెండో పదం 0.64 అవుతుంది, 1.25తో కలిపితే 1.89. డబ్బా ఇంకా చల్లగా ఉన్నప్పుడే వేడి పోవడం మూడో వంతు తగ్గింది. ఆపైన డబ్బా తానే వేడెక్కుతుంది, అప్పుడు మరీ తగ్గుతుంది.

కాబట్టి చూడాల్సింది గోడ మెరుపు ఒక్కటే కాదు. విస్తీర్ణాల నిష్పత్తిని (1/ε2 − 1) తో గుణించి, వచ్చినదాన్ని 1/ε1 పక్కన పెట్టి చూడాలి. అది చిన్నదైతేనే "పెద్ద గది". మెరిసే గోడకు గది ఇంకా పెద్దది కావాలి, నల్లటి గోడకు చిన్నదైనా సరిపోతుంది.

ఇంకొకటి, ఆ డబ్బా జీఐ రేకుదైతే వద్దు. నా లెక్కలో అది 420 డిగ్రీల దాకా పోతుంది, జింక్ కరిగేది అక్కడే. పూత పాడైతే మెరుపూ పోతుంది. స్టెయిన్‌లెస్ రేకు వాడండి.

కడప_మిద్దె
నాకూ ఇదే సమస్య మేడమ్. మాది కడప బండలు పరిచిన పాత మిద్దె. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా పైనుంచి సెగ కొడుతుంది. లోపలి వైపు కప్పుకు అల్యూమినియం పెయింటు వేయిద్దామనుకున్నా. గోడ ఎమిసివిటీ లెక్కలోకి రాదంటున్నారు కాబట్టి ఆ డబ్బులు దండగేనా?

డిప్లొమా_బ్యాచ్
దండగే అన్నా. మనిషి చిన్న వస్తువు, ఇల్లు పెద్ద గది. పెయింటుతో ఏమీ మారదు.

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
ఇక్కడ మారుతుంది. ఇందాక "గోడలన్నీ ఒకే వేడిలో ఉంటే" అన్నాను చూడండి, కడప మిద్దెలో ఆ షరతే చెదిరిపోయింది. కప్పు 50 డిగ్రీలు, గోడలు 36 అనుకోండి. మామూలు బండ తన 50 డిగ్రీల వేడిని కిందికి పంపుతుంది. మెరిసే కప్పు తన వేడిని తక్కువ పంపుతుంది, ఆ లోటును 36 డిగ్రీల గోడల నుంచి వచ్చిన వేడిని తిప్పి పంపి పూడుస్తుంది. మంచం మీద పడుకున్నవాళ్ళకు కప్పు దాని అసలు వేడికన్నా చల్లగా తగులుతుంది. అన్ని వైపులా ఒకే ఉష్ణోగ్రత ఉంటే ఎవరు పంపినా, ఎవరు తిప్పినా లెక్క ఒకటే. ఉష్ణోగ్రతలు వేరైతే ఎవరి వేడి ఎవరు పంపారన్నది ముఖ్యమైపోతుంది.

అయితే అల్యూమినియం పెయింటు ఫాయిల్ అంత తక్కువ ఎమిసివిటీ ఇవ్వదు. ముందు మిద్దె పైన తెల్ల సున్నం కొట్టించండి. ఎండ బండలోకి దిగకుండా ఆపడం, దిగినదాన్ని లోపల ఆపడం కన్నా మేలు.

కర్నూలు_షెడ్డు
మా రేకులు కూడా మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాలతాయి మేడమ్. పైకప్పు 60 ఉంటుందేమో. అప్పుడు మా లెక్క కూడా చెదిరినట్టేనా?

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
మీకు కాదు. నాలుగో ఘాతం కదా, 1073 కెల్విన్ల షాఫ్టు ముందు 40, 60 డిగ్రీల గోడలు రెండూ దాదాపు సున్నా కిందే లెక్క. మొత్తం షెడ్డు 60 అయినా షాఫ్టు వదిలే వేడి వెయ్యికి రెండు వంతులు తగ్గుతుంది. అదే షెడ్డులో 70 డిగ్రీల మోటారు బాడీ ఉంటే కథ వేరు. చుట్టూ 45 ఉన్నప్పుడు అది రేడియేషన్ తో వదిలేదానిలో, చుట్టూ 60 అయితే సగం కూడా వదలలేదు.

అన్నట్టు రేకు వేడిని ఇన్‌ఫ్రారెడ్ గన్ తో కొలవకండి, మెరిసే రేకు మీద అది రేకుకన్నా ఎదుటి వస్తువునే ఎక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, దాని మీద కొలవండి.

తాడిపత్రి_ఫిట్టర్
పైపులకు కూడా ఇదే సూత్రమా మేడమ్? మాకు 100 మిల్లీమీటర్ల పైపులు, అర మీటరు ముక్కలు వస్తాయి. లోపలి వైపు కూడా ఎర్రగానే ఉంటుంది కదా, దాని విస్తీర్ణం కూడా కలపాలా?

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
అలాగే కలపకూడదు. పైపు లోపలి గోడ ఎక్కువగా తన ఎదుటి గోడనే చూస్తుంది, షెడ్డును కాదు. వ్యూ ఫ్యాక్టర్ 1 అన్న మాట అక్కడ చెల్లదు. లోపలి విస్తీర్ణం 0.157 చదరపు మీటర్లు, కానీ వేడి బయటికి పోయేది రెండు మూతుల గుండానే, అవి రెండూ కలిపితే 0.0157. పదింతల తేడా. బయటి విస్తీర్ణానికి ఉక్కు ఎమిసివిటీ వేయండి, రెండు మూతులకు 1కి దగ్గరగా వేయండి. కన్నం లోపల తిరిగి తిరిగి బయటికి వచ్చే వేడి నల్లటి వస్తువు పంపినట్టే ఉంటుంది. పైపు మధ్యభాగం చివరలకన్నా ఎక్కువసేపు ఎర్రగా ఉండటం మీరు చూసే ఉంటారు.

తాడిపత్రి_ఫిట్టర్
చూసినాము. చివర్లు ముందు నల్లబడతాయి.

కర్నూలు_షెడ్డు
రేకులది తప్పు కాదని పార్టీకి చెప్పగలను. మరి హార్డ్‌నెస్ తేడా ఎక్కడిది?

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
సూత్రంలో మిగిలిన ε1 చూడండి. పొలుసు పట్టిన పీసుకు, పొలుసు రాలిపోయి లోహం బయటపడిన పీసుకు ఎమిసివిటీ ఒకటి కాదు, అది నేరుగా వేడిని గుణిస్తుంది. తర్వాత గాలి. నిలకడ గాలిలో మీ షాఫ్టు నుంచి గాలికి పోయేది 650 వాట్ల దగ్గర. వాకిలి ఎదురుగా పెడితేనో, ఫ్యాను తిప్పితేనో అది 2 కిలోవాట్ల దాకా పోవచ్చు. షాఫ్టు చల్లబడేకొద్దీ గాలి వాటా పెరుగుతూ పోతుంది.

ఒకటి అడుగుతా. స్టాండు మీద ఒకసారికి ఒకే షాఫ్టు పెడతారా?

కర్నూలు_షెడ్డు
లేదు మేడమ్, ఆరు. పక్కపక్కనే పెడతాం, మధ్యలో నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. పక్క వీధి ఆయన రెండే పెడతాడు.

హీట్‌ట్రాన్స్‌ఫర్_అనంతపురం
అయితే ఇప్పటిదాకా వేసిన లెక్క మీ షాఫ్టుది కాదు. మధ్యలోని షాఫ్టు షెడ్డును పూర్తిగా చూడటం లేదు, రెండు పక్కలా కొంత మేర తనంత వేడి షాఫ్టులనే చూస్తోంది. ఆ మేరకు పోయే వేడి దాదాపు సున్నా. చివరి రెండింటికీ ఒక పక్కే ఈ అడ్డు. చార్టు నిజంగా కావాల్సింది ఇప్పుడు, పక్కపక్కనున్న రెండు సమాంతర సిలిండర్లది.

తాడిపత్రి_ఫిట్టర్
నాకైతే గాలే అనిపిస్తాది. ఆరు పెట్టినా వాకిలి పక్కది ముందు నల్లబడుతుంది, అవతలి చివరిది కాదు. మధ్యది ఎర్రగా ఉండేది మేమూ చూసినాం గానీ అంత తేడా ఉండదు.

కర్నూలు_షెడ్డు
రేపటి బ్యాచ్ లో వాకిలి పక్కది, మూడోది, అవతలి చివరిది విడిగా గుర్తు పెట్టి హార్డ్‌నెస్ చూస్తాను. మూడోది ఒక్కటే తేడాగా వస్తే మేడమ్ మాట, మూడూ వరసగా మారుతూ పోతే ఫిట్టరన్న మాట. అంకెలు ఇక్కడే పెడతా.