√2 నిరూపణలో తప్పింది ఏ ఊహ?

పదోక్లాసు అమ్మ: √2 = a/b అనుకున్నారు, a, b లకు ఉమ్మడి కారణాంకం లేదని కూడా అనుకున్నారు. చివరికి రెండూ సరిసంఖ్యలయ్యాయి. "తప్పింది రెండో ఊహేమో, √2 కరణీయమని ఎలా తేలింది?" అని మావాడు అడుగుతున్నాడు. ఏం చెప్పను?

సూటిదారి: మీవాడు అడిగింది సబబే. అబద్ధంతో మొదలుపెట్టే ఈ పద్ధతే నాకు నచ్చదు. 2 బదులు 4 పెట్టండి, √4 కూడా కరణీయమే అవుతుంది!

పాత మాస్టారు: అమ్మా, రెండోది విడి ఊహ కాదు. 12/8 ని 3/2 గా కుదించినట్టు ఏ భిన్నాన్నైనా కుదించవచ్చు, విలువ మారదు. √2 ఏదో ఒక భిన్నమైతే, కుదించిన రూపం కూడా √2 యే. ఆ రూపంలో a² = 2b², కాబట్టి a సరి. a = 2c అని రాస్తే b² = 2c², b కూడా సరి. కుదించాక ఇంకా 2 మిగిలింది. అంటే అసలు అలాంటి భిన్నమే లేదు.
సూటిదారి గారూ, 4 తో రాసి చూడండి. a² ని 4 భాగిస్తే a ని కూడా 4 భాగించాలనేం లేదు. 6² = 36, కానీ 6 ని 4 భాగించదు. మీ నిరూపణ అక్కడే ఆగుతుంది.

మార్కులు పోయినోణ్ణి: నేను "ఉమ్మడి కారణాంకం లేదు" అన్న ముక్క రాయలేదని మా సార్ సగం మార్కులు కోశారు. మిగతాదంతా కరెక్టే!

పాత మాస్టారు: ఆ ముక్క లేకపోతే ఆఖర్న దేనికి విరుద్ధమని రాశావు నాయనా?

మార్కులు పోయినోణ్ణి: "విరుద్ధం" అని రాశానండి. చాలదా?

సూటిదారి: మార్కుల సంగతి పక్కన పెట్టండి. 4 విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటున్నా. కానీ ఏ విరుద్ధతా లేకుండానే చెప్పొచ్చు. a² ని ఎన్నిసార్లు 2 తో భాగించగలమో లెక్కపెడితే సరిసంఖ్య వస్తుంది. 2b² కి ఒకటి ఎక్కువై బేసి వస్తుంది. అవి సమానం కానే కావు. కారణం కళ్లెదుట ఉండగా పిల్లల్ని చుట్టూ తిప్పడమెందుకు?

పాత మాస్టారు: మీ దారిలోనూ బేసిని బేసితో గుణిస్తే బేసే అన్నదే పనిచేస్తోంది. పైగా "కరణీయం" అంటేనే భిన్నం కానిది. కాదని చూపాలంటే, అయితే ఏమవుతుందో చూడాలి. ముప్ఫై ఏళ్లు ఇదే చెప్పాను.

సూటిదారి: ముప్ఫై ఏళ్లూ పిల్లలు బట్టీపట్టారు, మాస్టారూ. నా కోపం అందుకే. నేనూ అలాగే రాసి పాసయ్యాను, ఎందుకో తెలియకుండా.

పాత మాస్టారు: ఆ మాట ముందే అనాల్సింది. బట్టీపట్టడం నిజమే. కానీ తప్పు నిరూపణది కాదు.

పదోక్లాసు అమ్మ: మావాడు √8 తో రాశాడు. 8 తో కుదరలేదు, a = 4 దగ్గర చిక్కాడు. 2 తో మొదలెడితే c² = 2b² వచ్చి √2 దగ్గరికే చేరిందట. ఇప్పుడు √6 మొదలెట్టాడు.