కరెంట్ రేషియో 1.43 ఉన్న పురుగుమందుల షాపులో వాటా తీసుకోవచ్చా?

సత్తెనపల్లి_శీను
ఫ్రెండ్ తన పురుగుమందులు, ఎరువుల షాపులో 15 లక్షలు పెట్టి సగం వాటా తీసుకోమంటున్నాడు. 2025 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ ఇచ్చాడు. అంకెలన్నీ లక్షల్లో.

అప్పుల వైపు: క్యాపిటల్ 24, భార్య, బావమరిది ఇచ్చిన చేబదులు 18, బ్యాంకు సీసీ 30, కంపెనీలకు ఇవ్వాల్సింది 38, జీఎస్టీ, జీతాల బకాయిలు 2. మొత్తం 112.
ఆస్తుల వైపు: ఫర్నిచర్, బండి 8, షాపు అడ్వాన్సు 4, సరుకు 42, రైతుల బాకీలు 55, క్యాష్ 3. మొత్తం 112.

ఏడాది అమ్మకం 210. కరెంట్ రేషియో 1.43 వచ్చింది. ఇది బాగున్నట్టేనా? మా బావ మాత్రం మునిగే షాపు అంటున్నాడు.

ఆర్టికల్_బెజవాడ
బాగానే ఉందండీ. సరుకు, బాకీలు, క్యాష్ కలిపి కరెంట్ ఆస్తులు 100, ఏడాదిలోపు తీర్చాల్సినవి 70, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.43. రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు 1.33, అది దాటేశాడు. ఆ 18 లక్షలు ఇంట్లోవాళ్ళవే, రేపొచ్చి ఎవరూ పీకమీద కూర్చోరు, కాబట్టి క్యాపిటల్‌లో కలిపి చూడాలి. అప్పుడు సొంత డబ్బు 42, బయటి అప్పు 70. అంటే సొంత రూపాయికి బయటి అప్పు 1.67. బ్యాంకులు మామూలుగా 3 దాకా ఒప్పుకుంటాయి. మీ బావగారు ఏం చూసి అన్నారో మరి.

కిరాణా_హనుమకొండ
ఈ రేషియోలతో షాపులు నడవవు తమ్ముడూ. మాది కిరాణా, మా కరెంట్ రేషియో 1 కూడా దాటదు. అయినా ఏ ఏజెన్సీవాడికీ చెక్కు బౌన్స్ కాలేదు. పొద్దున దింపిన సరుకు సాయంత్రానికి సగం డబ్బవుతుంది, ఏజెన్సీకి వారం గడువుంటుంది. 1.43 అంటే మహారాజులాంటి షాపు.

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
కిరాణా గారు చెప్పింది కిరాణాకి నిజం, ఈ షాపుకి కాదు. మీ దగ్గర నోట్లు తిరుగుతాయి, అక్కడ పద్దులు తిరుగుతాయి. రోజూ డబ్బు చేతికొచ్చే కొట్టుకి 0.9 ఉన్నా ఫర్వాలేదు. పంట అమ్మితే తప్ప బాకీ రాని చోట 1.43 కూడా చాలకపోవచ్చు.

ఆర్టికల్ గారూ, 1.33 గురించి ఒక మాట. అది రిజర్వ్ బ్యాంకు వేసిన టాండన్ కమిటీ 1975లో చెప్పిన రెండో పద్ధతి నుంచి వచ్చింది. కరెంట్ ఆస్తుల్లో పావు వంతు సొంతంగా, లేదా దీర్ఘకాలిక నిధుల నుంచి తెచ్చుకోవాలన్నారు. 100కి 75 కరెంట్ అప్పు అయితే 1.33. అప్పు ఎంతివ్వాలో తేల్చుకోవడానికి బ్యాంకు వాడిన కొలత అది. షాపు ఆరోగ్యానికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఇంత చిన్న లిమిట్లకి నాయక్ కమిటీ పద్ధతే వాడుక, అంచనా అమ్మకాల్లో 20 శాతం. 210కి 42 వస్తుంది, బ్యాంకు ఇచ్చింది 30. అంటే బ్యాంకు ఈ షాపు గురించి ఏదో ఆలోచించే చెయ్యి కాస్త బిగబట్టిందనుకోవచ్చు. సెక్యూరిటీ చాలకపోయి కూడా ఉండొచ్చు.

పైగా ఈ రేషియో మార్చి 31 ఒక్క రోజుది. ఆ వారంలో వచ్చిన 10 లక్షల వసూళ్ళు కంపెనీలకి కట్టేశాడనుకోండి. కట్టకముందు 110కి 80, అంటే 1.38. కట్టాక 100కి 70, అంటే 1.43. షాపు అదే, అప్పు తీరిన మేరకు డబ్బూ పోయింది, రేషియో మాత్రం పెరిగింది. రేషియో ఒకటి పైన ఉన్న ఏ షాపైనా ఈ పని చేయొచ్చు, తప్పు కూడా కాదు. అందుకే డిసెంబరు నెలాఖరు ట్రయల్ బ్యాలెన్స్ కూడా అడగండి.

శీను గారూ, రెండు కాగితాలు తెప్పించండి. ఒకటి, రైతువారీగా ఏ బాకీ ఎప్పటిదో చూపే లిస్టు. రెండు, బ్యాచ్, ఎక్స్‌పైరీ తేదీలతో సరుకు లిస్టు. ఆ 55, ఆ 42 లోపల ఏముందో తెలియకుండా మాట్లాడుకుని లాభం లేదు.

సత్తెనపల్లి_శీను
లిస్టులు తెచ్చాను సార్. బాకీల్లో ఈ సీజన్‌వి 34, అందులో 90 రోజుల లోపువి 20. నిరుటివి 13. అంతకుముందువి 8, చాలావరకు నల్లతామర పురుగు వచ్చిన ఏడాదివి. సరుకులో డేటు అయిపోయినవీ, జూన్ లోపు అయిపోయేవీ కలిపి 6.

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
ఇప్పుడు లెక్క వేద్దాం. నల్లతామర మిర్చిని తినేసింది 2021-22లో. ఆ బాకీలకి మూడేళ్ళు దాటాయి లేదా దాటబోతున్నాయి. మధ్యలో రైతు సంతకంతో బాకీ ఒప్పుకున్న కాగితమో, కొత్త నోటో లేకపోతే కోర్టుకి వెళ్ళినా కాలదోషం పట్టిందంటారు. ఆ 8 తీసేయండి. నిరుటి 13లో సగం తీస్తాను, 6.5. డేటు అయిపోయిన మందు అమ్మడం నేరం, విడిగా పెట్టి అమ్మకానికి కాదని రాయాలి, కాబట్టి ఆ 6 కూడా. మొత్తం 20.5.

కరెంట్ ఆస్తులు 100 నుంచి 79.5కి దిగాయి. రేషియో 1.14. చూడ్డానికి ఘోరంగా ఏమీ లేదు కదా? కానీ ఆ 20.5 దెబ్బ తగిలేది క్యాపిటల్‌కి. అప్పులు రూపాయి తగ్గవు. 24 లక్షల క్యాపిటల్ 3.5 లక్షలయింది. మీరు 15 పెట్టి సగం వాటా అంటే, అవతలి సగానికి ఆయన పెట్టింది 3.5. మీ బావగారి మాట నాకు ఇక్కడ అర్థమవుతుంది.

కరెంట్ రేషియో ఒక్కటే పట్టుకుంటే ఇది కనపడదు. ఆస్తులు పాడైనప్పుడు ఆ రేషియో మెల్లగా దిగుతుంది. సొంత డబ్బుకి, బయటి అప్పుకి మధ్య రేషియో చెడితే ఒక్కసారే చెడుతుంది. చేబదుళ్ళతో కలిపి అప్పు 88, సొంతం 24 అయితే 3.67. సొంతం 3.5 అయితే 25.

ఆర్టికల్_బెజవాడ
అందుకే సార్ ఆ 18 క్యాపిటల్‌లో కలపాలంటున్నా. అప్పుడు 21.5కి 70, అంటే 3.26. హద్దు మీద ఉంటుంది కానీ 25 అంత భయంకరంగా ఉండదు. పుస్తకంలో అన్‌సెక్యూర్డ్ లోన్ అని రాశారని అప్పయిపోతుందా?

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
కాదు, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. బ్యాంకులు కూడా అలా కలుపుతాయి. కానీ ముందు ఆ బంధువుల దగ్గర, మా అప్పు తీరేదాకా ఈ డబ్బు వెనక్కి తీసుకోబోమని రాయించుకుంటాయి. ఆ కాగితం లేకపోతే రెండు చోట్ల చూడండి. ఒకటి, ఆ లెడ్జరులో మూడేళ్ళుగా బ్యాలెన్స్ కదలకుండా ఉందా, లేక జూన్‌లో వచ్చి మార్చిలో పోతోందా. రెండు, వడ్డీ. బావమరిదికి నెలనెలా రూపాయిన్నర వడ్డీ పోతుంటే అది ఏడాదికి 18 శాతం, బ్యాంకు కంటే ఖరీదైన అప్పు. దాన్ని క్యాపిటల్ అనడానికి నాకు నోరు రాదు. ఇక శీను గారు పార్ట్‌నర్ అయి, ఫర్మ్ ఆ అప్పుని తన మీద వేసుకుంటే అది ఈయన నెత్తి మీదకి కూడా వస్తుంది. బ్యాంకుకి క్యాపిటల్ అయింది, కొత్తగా చేరే భాగస్వామికి అప్పే అవుతుంది.

డీలర్_నరసరావుపేట
బ్యాంకు సార్లు కాగితం చూసి మాట్లాడతారు, రైతు మొహం చూడరు. నిరుటి 13లో సగం పోయిందని ఎవరు చెప్పారు? ఒక ఏడు పంట పోతే రైతు పాత పద్దు పక్కన పెట్టి, కొత్త మందుకి మళ్ళీ అదే షాపుకే వస్తాడు. మంచి ఏడు వస్తే రెండూ కలిపి కడతాడు. ఈ వ్యాపారంలో బాకీ అంటే గిరాకీ కూడా. డేటు అయిపోయిన సరుకు విషయంలోనూ, కొన్ని కంపెనీలు గడువుకి ముందే చెబితే వెనక్కి తీసుకుంటాయి. 6కి 6 కొట్టేయడం అన్యాయం. జూన్ లోపు అయ్యే వాటికి ఇప్పుడే మెయిల్ పెట్టమనండి.

ఒక్కటి మాత్రం సార్ వదిలేశారు. ఈ సీజన్ 34 కూడా గట్టి డబ్బు కాదు. ఈ ఏడు మిర్చి రేటు పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. చాలామంది సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కూర్చున్నారు. కాబట్టి ఆ బాకీలు మే దాటినా రావు.

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
34 మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. వెనక్కిచ్చే సరుకు మాటా న్యాయమే. కంపెనీ క్రెడిట్ నోటు వచ్చిన మేరకు ఆ 6లో వెనక్కి కలుపుకోండి, నోటు రాకముందు కాదు. 13 విషయంలో మాత్రం నేను కదలను. నిరుటి బాకీ మీద ఈ ఏడు ఎంత జమ అయిందో పద్దులో కనిపిస్తుంది. రైతు వచ్చి కొత్త మందు మాత్రమే తీసుకుని పాతది ముట్టకపోతే అది గిరాకీ కాదు, అప్పు పెరగడం.

బాకీ రోజుల గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడ తప్పు లెక్క వేస్తారు. 55ని 210తో భాగించి 365తో గుణిస్తే 96 రోజులు. కానీ బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది, లాభనష్టాల ఖాతాలో అమ్మకం జీఎస్టీ లేకుండా ఉంటుంది. మందులకి 18 శాతం, ఎరువులకి 5. అన్నీ మందులే అనుకుంటే నిజమైన అంకె 81. అది కూడా సగటే. 34 లక్షలు ఈ సీజన్‌వి, 21 లక్షలు అసలు తిరగనివి. ఆ రెంటినీ కలిపిన సగటు ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

కిరాణా_హనుమకొండ
మరి సీసీ 30 ఎప్పటికీ తీర్చరు కదా, ఏటా రెన్యువల్ అవుతుంది. దాన్ని 70లో ఎందుకు కలిపారు?

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
రెన్యువల్ అవుతుందన్న హామీ ఉన్నంతవరకే అండీ. స్టాక్ స్టేట్‌మెంట్ చూడండి, సీసీలో ఎంత వాడుకోవచ్చో బ్యాంకు దాన్నిబట్టే లెక్క వేస్తుంది. మంచి సరుకు 36, 90 రోజుల లోపు బాకీలు 20, కలిపి 56. అందులో కంపెనీలకి ఇవ్వాల్సిన 38 తీసేస్తే 18. పావు మార్జిన్ తీస్తే 13.5. మార్జిన్ బ్యాంకుని బట్టి మారుతుంది, కానీ ఎలా వేసినా వాడుకున్న 30కి దరిదాపుల్లో రాదు. ఈ షాపు బ్యాంకుకి పాత బాకీలు కూడా కొత్తవిగా చూపిస్తోందేమో అడగాలి. చూపిస్తుంటే, బ్యాంకు సరిగ్గా లెక్క వేసిన నెలలోనే జూన్ సరుకుకి డబ్బు ఆగిపోతుంది. శీను గారి 15 లక్షలు నేరుగా ఆ సీసీలోకి పోతాయి.

సత్తెనపల్లి_శీను
బావమరిది లెడ్జర్ ఇప్పుడే వచ్చింది. మూడేళ్ళుగా బ్యాలెన్స్ మారలేదు. వడ్డీ మాత్రం ఎక్కడా రాయలేదు, లాభనష్టాల్లోనూ లేదు. ఫ్రెండ్‌ని అడిగితే ఇస్తూనే ఉన్నాం, చేత్తో ఇస్తాం అన్నాడు.

డీలర్_నరసరావుపేట
అయితే 18 లక్షలకీ రూపాయిన్నర వడ్డీ అనుకుని, ఆయన చూపించిన లాభంలోంచి ఏటా 3.24 లక్షలు ముందు తీసేయండి.

ఆర్టికల్_బెజవాడ
చేత్తో అంటే డ్రాయింగ్స్‌లోంచి ఇస్తుండాలి, సరే. అలాంటప్పుడు బ్యాలెన్స్ మూడేళ్ళు కదల్లేదన్నది క్యాపిటల్‌కి సాక్ష్యమా, అప్పుకి సాక్ష్యమా? నాకైతే ఇంకా క్యాపిటలే అనిపిస్తోంది.

రిటైర్డ్_క్రెడిట్_డెస్క్
బావమరిది మూడేళ్ళు వడ్డీ తీసుకుంటున్నాడంటే అప్పిచ్చినట్టే. మీరు ఒప్పుకోకపోయినా సరే, ఆయన ఒప్పుకుంటాడు. శీను గారూ, సంతకానికి ముందు ఆయన్ని ఒకసారి కలవండి. 18 లక్షలూ అలాగే ఉంచుతానని రాసిస్తాడేమో అడగండి.