ద్రవ్యోల్బణం, నిరుద్యోగంపై ప్రాజెక్టు: ప్రతిపాదనలో ముందు ఏది రాయాలి?

కాకినాడ విద్యార్థిని: డిగ్రీ చివరి సంవత్సరం, ఎకనామిక్స్. భారత్‌లో ద్రవ్యోల్బణానికీ నిరుద్యోగానికీ ఉన్న సంబంధంపై ప్రతిపాదన ఇవ్వాలి. ప్రపంచ బ్యాంకు సైటు నుంచి 1991–2023 అంకెలు తీసుకున్నాను. ముందు సాహిత్య సమీక్ష రాయాలా, పద్ధతి రాయాలా?

పాతలెక్కలు: ముందు ఆ అంకెలు ఎక్కడివో రాయండి. ఆ నిరుద్యోగ వరుస అంతర్జాతీయ కార్మిక సంస్థ నమూనాతో కట్టిన అంచనా. 2017లో కేంద్రం ఏటా జరిపే కార్మిక సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ మొదలయ్యే దాకా మన పెద్ద సర్వే దాదాపు ఐదేళ్లకోసారి జరిగేది. మధ్య ఏళ్లను నమూనా నింపింది, అందులోకి ఆర్థిక వృద్ధి కూడా వెళుతుంది. దానిపై రిగ్రెషన్ చేస్తే దొరికిన సంబంధం దేశానిదో నమూనాదో చెప్పలేరు.

భవాని లెక్చరర్: అమ్మాయి అడిగింది ప్రతిపాదనలో భాగాల వరుస గురించి. పీఠిక, సమీక్ష, లక్ష్యాలు, పరికల్పన, పద్ధతి. అది తప్పితే వెనక్కి వస్తుంది. నా ప్రతిపాదనను పరికల్పన లేదన్న ఒక్క కారణంతో రెండుసార్లు తిప్పి పంపారు.

రేఖాగణితం: నిరుద్యోగం పెరిగితే ద్రవ్యోల్బణం తగ్గుతుందనే ఫిలిప్స్ రేఖ ఇండియాలో పనిచేయదు. వదిలేయండి.

పాతలెక్కలు: నిరుద్యోగం బదులు ఉత్పత్తి అంతరంతో, అంటే దేశ ఉత్పత్తికీ దాని సామర్థ్యానికీ ఉన్న తేడాతో చూసిన రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2021లో రేఖ బతికే ఉందన్నారు, 2014 తర్వాత చదునైందన్నారు. నిరుద్యోగంతో చూస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి పీఎల్‌ఎఫ్‌ఎస్ పట్టణ త్రైమాసిక అంకెలున్నాయి: 2018 ఏప్రిల్–జూన్ నుంచి 2024 చివరి దాకా 27. పక్కన పట్టణ వినియోగ ధరల సూచీ పెట్టండి, ఆహారం, ఇంధనం తీసేసి. 2020 ఏప్రిల్–జూన్‌లో నిరుద్యోగం 20 శాతం దాటింది. ఆ ఒక్క బిందువు గీతను తనవైపు లాగేస్తుంది. అది ఉంచి ఒకసారి, తీసి ఒకసారి లెక్క చూపిస్తానని ప్రతిపాదనలోనే చెప్పండి. పైగా ఆ ఏప్రిల్, మే నెలల్లో లాక్‌డౌన్ వల్ల ధరల సేకరణ సరిగా జరగలేదు, సూచీని అంచనాతో పూరించారు.

గోదావరి గట్టు: మా తమ్ముడు ఎంబీఏ చేసి పార్శిళ్లు మోస్తున్నాడు. ఈ అంకెల్లో వాడెక్కడ?

పాతలెక్కలు: సర్వే లెక్కలో ఆయన ఉద్యోగి. వారంలో గంట పనిచేసినా ఈ త్రైమాసిక కొలతలో నిరుద్యోగి కారు. పరిమితుల్లో రాయాల్సిన మొదటి వాక్యం అదే.

భవాని లెక్చరర్: 27 బిందువులతో ఏం తేలుతుందండీ? గైడు ఇదే అడుగుతారు. 33 ఏళ్ల వరుస ఉంటే ఎవరూ నోరెత్తరు.

పాతలెక్కలు: నోరెత్తకపోవడానికేనా ప్రాజెక్టు? ఏమీ తేలకపోతే తేలలేదనే రాయాలి.

భవాని లెక్చరర్: మీరు పరిశోధకుల గురించి మాట్లాడుతున్నారు. నేను మే నెలలో పట్టా తీసుకోవలసిన పిల్ల గురించి మాట్లాడుతున్నాను. ఫలితం రాలేదని రాసిన మా విద్యార్థికి మార్కులు కోసేశారు. అప్పుడు మీరు అండగా వస్తారా?

రేఖాగణితం: నేను ముందే వదిలేయమన్నాను.

కాకినాడ విద్యార్థిని: భాగాల వరుస భవాని మేడమ్ చెప్పినట్టే ఉంచి, పద్ధతిలో త్రైమాసిక అంకెలు పెడతాను. పరికల్పన మాత్రం ఎలా రాయాలో ఇంకా తోచడం లేదు. సంబంధం ఉందని రాయాలా, లేదని రాయాలా?

పాతలెక్కలు: నిరుద్యోగం పెరిగిన త్రైమాసికం తర్వాతి త్రైమాసికంలో ద్రవ్యోల్బణం తగ్గుతుందని రాయండి. తప్పని తేలగలిగేలా ఉండాలి.

భవాని లెక్చరర్: తప్పని తేలితే మార్కులెవరు ఇస్తారో కూడా రాయండి.